ఖాతాలో పడిన ఒక్క రూపాయి

"బాబాయ్ గారూ, ఎవరో నా ఖాతాలో ఒక రూపాయి వేశారండి. ఇదేదో మోసమేమోనని భయంగా ఉంది" అంటూ మొన్న వేసవిలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ ఆమెది. అలాంటి యూనిట్లు కొన్నిటికి నేను లెక్కలు రాసిపెడుతుంటాను. హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ నుంచి ఆమెకు తొలి ఆర్డరు ఖాయమైంది. ఆర్డరు కాగితం కంటే ముందు ఒక ఈమెయిల్ వచ్చింది. దానికి జవాబు పంపిన మర్నాడే ఆ రూపాయి పడింది.

పెద్ద కంపెనీకి సరుకు గానీ సేవ గానీ అందించబోయే ప్రతివారికీ ఇలాంటి ఈమెయిల్ ఒకటి వస్తుంది. కంపెనీ భాషలో దాన్ని వెండర్ రిజిస్ట్రేషన్ అంటారు. అందులో మూడు సంగతులుంటాయి. ఏయే పత్రాలు పంపాలి, బ్యాంకు ఖాతాను ఎలా సరిచూస్తారు, బిల్లు ఎలా రాయాలి. ఇంగ్లీషులో రెండు పేజీలుండే ఆ ఉత్తరాన్ని మనవాళ్లు చాలామంది పూర్తిగా చదవరు. అడిగిన కాగితాలు ఫోన్‌లో ఫొటోలు తీసి పంపేస్తారు. తర్వాత డబ్బు రాలేదని నెలల తరబడి తిరుగుతారు. ఆ డబ్బు ఆగిపోయే చోట్లు దాదాపు అన్నీ ఆ రెండు పేజీల్లోనే ఉంటాయి.

"ఆ రూపాయి కంపెనీదేనమ్మా, భయపడకు. అయితే అది వాళ్లకు ఏం చెప్పిందో చూడాలి" అని ఈమెయిల్ నాకు పంపమన్నాను.

అడిగిన పత్రాలు మామూలువే. పాన్ కార్డు, జీఎస్టీ నమోదు పత్రం, రద్దు చేసిన చెక్కు, ఉద్యం పత్రం, సంతకం చేసిన వివరాల ఫారం. ఇవన్నీ విడివిడిగా సరిగానే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తేనే చిక్కు బయటపడింది. పాన్ కార్డు మీద ఆమె పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఫారంలో ఆమె అత్తింటి ఇంటిపేరుతో రాసింది, ఎందుకంటే పదిహేనేళ్లుగా ఊళ్లో ఆమెను పిలిచేది ఆ పేరుతోనే. చెక్కు మీదేమో ఆమె పేరే లేదు, యూనిట్ పేరు అచ్చయి ఉంది. మనిషి ఒక్కరే, కాగితాల్లో మాత్రం ముగ్గురు.

ఈ బాధ మన తెలుగువాళ్లకు కాస్త ఎక్కువ. మన ఇంటిపేరు ముందు వస్తుంది. బ్యాంకులో దాన్ని ఒక్క పొడి అక్షరం చేస్తారు, పాన్‌లో విడదీసి రాస్తారు, ఆధార్‌లో ఒక్కోసారి అసలు పేరులో కలిపేస్తారు. కె.వి. లక్ష్మి అని పాస్‌పుస్తకంలో ఉంటే, పాన్‌లో కె, వి రెండూ విప్పి మూడు మాటల పేరుగా ఉంటుంది. మనకు అది ఒకే మనిషని చూడగానే తెలుస్తుంది. పోల్చి చూసే కంప్యూటర్‌కు తెలియదు.

జీఎస్టీ నంబరును ఒకసారి దగ్గరగా చూడండి, కంపెనీవాళ్లు ఏం చూస్తారో అర్థమవుతుంది. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. ఆ తర్వాతి పది అచ్చంగా మీ పాన్ నంబరే. అందువల్ల జీఎస్టీ నంబరు ఇచ్చారంటే పాన్ కూడా ఇచ్చేసినట్టే. రెండూ పోలకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఇక ఆ పాన్‌లో నాలుగో అక్షరం మనిషా, సంస్థా అన్నది చెబుతుంది. అక్కడ ఇంగ్లీషు పి ఉంటే వ్యక్తి, ఎఫ్ ఉంటే భాగస్వామ్య సంస్థ, సి ఉంటే కంపెనీ. ఈ అమ్మాయి పాన్‌లో ఉన్నది పి. అంటే చట్టం దృష్టిలో యూనిట్ అనే వేరే మనిషి లేడు, ఆమే యూనిట్. ఫారంలో మాత్రం సంస్థ రకం అన్నచోట, బోర్డు మీద ఎంటర్‌ప్రైజెస్ అని ఉంది కదా అని, కంపెనీ అని టిక్కు పెట్టింది.

ఆమె చేతిలోనే దీనికి మందుంది. జీఎస్టీ నమోదు పత్రంలో రెండు గడులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఒకటి చట్టబద్ధమైన పేరు, అది పాన్‌లో ఉన్నట్టే వస్తుంది. రెండోది వ్యాపారనామం, అంటే బోర్డు మీద పేరు. ఆ మనిషీ ఈ యూనిటూ ఒకటేనని ప్రభుత్వం ముద్ర వేసి చెప్పిన కాగితం అదే. ఫారం కొత్తగా నింపించాను. చట్టబద్ధమైన పేరు పాన్‌లో ఉన్నట్టు అక్షరం తేడా లేకుండా, వ్యాపారనామం జీఎస్టీ పత్రంలో ఉన్నట్టు, సంస్థ రకం ప్రొప్రయిటర్ అని. ఖాతా ఫలానా యూనిట్‌దని, దాని యజమాని ఫలానా ఆవిడని బ్యాంకు మేనేజరు లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ఉత్తరం జత చేశాం.

ఇప్పుడు ఆ రూపాయి సంగతి. బ్యాంకుల్లో దీన్ని పెన్నీ డ్రాప్ అంటారు. కంపెనీ మీ ఖాతా నంబరుకు, బ్రాంచి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌కు ఐఎంపీఎస్ ద్వారా ఒక రూపాయి పంపుతుంది. డబ్బు చేరిన కబురుతో పాటు ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో మీ బ్యాంకు తిరిగి చెబుతుంది. వాళ్లకు కావలసింది ఆ పేరే. ఫారంలోని పేరుతో అది పోలితే సరి, లేకుంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఈ అమ్మాయి విషయంలో బ్యాంకు యూనిట్ పేరు చెప్పింది, ఫారంలో అత్తింటి ఇంటిపేరుతో ఆమె పేరుంది. అందుకే మూడో రోజున వెనక్కి వచ్చింది.

ఇంత పట్టుదల ఎందుకంటే, మన నెఫ్ట్, ఆర్టీజీఎస్ చెల్లింపుల్లో ఎన్నో ఏళ్లపాటు బ్యాంకు చూసింది ఖాతా నంబరునే. పేరు ఏం రాసినా నంబరున్న ఖాతాకే డబ్బు వెళ్లేది. ఒక్క అంకె పొరపాటుతో ఎవరిదో ఖాతాలో పడిన సొమ్మును వెనక్కి రప్పించుకోవడం అవతలి మనిషి ఒప్పుకోలు మీద ఆధారపడేది. పంపే ముందే పేరు చూసుకునే సౌకర్యాన్ని నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు కూడా 2025 ఏప్రిల్ 1 లోగా కల్పించాలని రిజర్వ్ బ్యాంకు 2024 డిసెంబరు 30న బ్యాంకులను ఆదేశించింది. వెండర్ల ఖాతాల విషయంలో కంపెనీలు ఇప్పటికీ తమ పరీక్ష తాము చేసుకుంటాయి.

రద్దు చేసిన చెక్కు అడిగేది కూడా ఇందుకే. దాని మీద ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, పేరు మూడూ బ్యాంకే అచ్చువేసి ఉంటుంది, మన చేతిరాత పొరపాటుకు తావుండదు. చెక్కుకు అడ్డంగా రెండు గీతలు గీసి మధ్యలో క్యాన్సెల్డ్ అని రాయాలి. ఆ గీతలు నంబర్ల మీద పడకూడదు. సంతకం పెట్టకూడదు. ఈ అమ్మాయి అలవాటు కొద్దీ సంతకం పెట్టి పంపింది. రద్దు చేసిన చెక్కు మీద సంతకం ఎవరికీ అక్కర్లేదు, పైగా మీ సంతకం నమూనా ఎవరి చేతికో చేరుతుంది. ఖాతా తెరిచిన రోజే ఇచ్చే చెక్కుపుస్తకాల్లో పేరు అచ్చయి ఉండదు. అలాంటప్పుడు పాస్‌పుస్తకం మొదటి పేజీ గానీ బ్యాంకు ఉత్తరం గానీ జత చేయాలి.

ఈ ఈమెయిల్‌లో నేను అందరికీ రెండుసార్లు చదివి వినిపించే వాక్యం ఒకటుంది. ‘నమోదైన బ్యాంకు వివరాలు మార్చాలంటే, మా రికార్డులో ఉన్న మీ ఫోన్ నంబరుకు మేమే ఫోన్ చేసి నిర్ధారించుకుంటాం’ అన్నది. ఇది విసుగు పుట్టించే నిబంధనలా కనిపిస్తుంది. దీని విలువ ఏమిటో నాకు తెలిసిన ఒక యంత్ర భాగాల యూనిట్ యజమానిని అడగాలి. కొన్నేళ్ల కిందట ఆయన పేరుతో ఆయన ఖాతాదారు కంపెనీకి ఒక ఈమెయిల్ వెళ్లింది. ‘ఆడిట్ వల్ల పాత ఖాతా నిలిపేశాం, ఇకమీదట ఈ కొత్త ఖాతాకు పంపండి’ అని. ఆయన లెటర్‌హెడ్, ఆయన సంతకం, పెండింగులో ఉన్న బిల్లు నంబరుతో సహా అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఈమెయిల్ చిరునామాలో ఒక్క అక్షరం మాత్రం తేడా. ఆయన మెయిల్ పాస్‌వర్డ్ ఎవరికో చిక్కింది, వాళ్లు వారాల తరబడి ఉత్తరాలు చదువుతూ కూర్చున్నారు. కంపెనీ డబ్బు పంపేసింది. మూడు వారాలయ్యాక ఈయన ‘బిల్లు ఏమైందండీ’ అని అడిగినప్పుడు గానీ సంగతి తెలియలేదు. అప్పటికి ఆ ఖాతా ఖాళీ. సరుకు ఇచ్చినవాడికి డబ్బు రాలేదు, డబ్బు ఇచ్చినవాడు మళ్లీ ఇవ్వనన్నాడు.

ఇలాంటిది జరిగితే గంటల్లోనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉన్నప్పుడే దాన్ని ఆపగలరు. మోసం అవతలి వైపు నుంచి కూడా వస్తుంది. పెద్ద కంపెనీ పేరు పెట్టుకుని ‘వెండర్‌గా నమోదుకు డిపాజిట్ కట్టండి’ అనేవాళ్లున్నారు. ఖాతా సరిచూడటానికి ఓటీపీ గానీ యూపీఐ పిన్ గానీ నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ గానీ ఎవరికీ అవసరం లేదు. రూపాయి మీ ఖాతాలోకి రావాలి, మీరు ఎక్కడా ఏదీ నొక్కక్కర్లేదు. ఏదైనా నొక్కమన్నారంటే అది కంపెనీ కాదు.

వారంలో నమోదు పూర్తయి వెండర్ కోడ్ వచ్చింది. 2,000 పెట్టెలకు, ఒక్కోటి 38 రూపాయల చొప్పున ఆర్డరు కాగితం కూడా వచ్చింది. మే 6న సరుకు కంపెనీ గేటు దాటింది. ఆమె బిల్లు ఇలా రాసింది. సరుకు విలువ 76,000. పన్ను 5 శాతం, అందులో కేంద్ర జీఎస్టీ 1,900, రాష్ట్ర జీఎస్టీ 1,900. మొత్తం 79,800. పది రోజులకు బిల్లు తిరిగొచ్చింది.

"మొత్తం సరిగానే ఉంది కదండీ బాబాయ్ గారూ, ఎందుకు తిప్పారు?" అంది.

మొత్తం సరే, పన్ను పేరు తప్పు. ఆటోనగర్‌లో ఆమె ఇచ్చే బిల్లులన్నీ ఆంధ్రప్రదేశ్‌లోనివే కాబట్టి పన్నును రెండు సగాలు చేసి రాయడం అలవాటు. ఈ సరుకు రాష్ట్రం దాటింది. 37తో మొదలయ్యే నంబరు నుంచి 36తో మొదలయ్యే నంబరుకు, విజయవాడ నుంచి హైదరాబాద్‌కు వెళ్లింది. అలాంటప్పుడు ఐజీఎస్టీ అని ఒకే వరుసలో 3,800 రాయాలి. హైదరాబాద్ కంపెనీ ఆ పన్నును తన పన్నులోంచి మినహాయించుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన రాష్ట్ర జీఎస్టీని తెలంగాణలో మినహాయించుకోవడం కుదరదు. ఆ బిల్లు తీసుకుంటే వాళ్లకు పన్ను సొమ్ము నష్టం. బంధుత్వాలు, రాకపోకలు ఇన్ని ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఈ పొరపాటు నేను చూసినంతగా మరే పొరపాటూ చూడలేదు.

తప్పు బిల్లును దిద్ది పంపకూడదు. ఆ నంబరు రద్దు చేసి, కొత్త నంబరుతో కొత్త బిల్లు ఇవ్వాలి. బిల్లు నంబరు 16 అక్షరాలకు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. రద్దయిన నంబరును జీఎస్టీఆర్-1 రిటర్నులో రద్దయిన పత్రాల లెక్కలో చూపించాలి. ఆ నెల రిటర్ను ఇంకా వేయలేదు కాబట్టి ఈ పని తేలిగ్గా అయిపోయింది.

కంపెనీ అడిగిన మిగతావి చట్టంలో లేనివి, కానీ డబ్బు వాటి మీదే నడుస్తుంది. బిల్లు మీద ఆర్డరు నంబరు ఉండాలి. ఒక బిల్లులో ఒక ఆర్డరే ఉండాలి. బిల్లు అడుగున అచ్చువేసే బ్యాంకు ఖాతా, నమోదు చేసిన ఖాతా ఒకటే కావాలి. అక్కౌంట్స్‌లో కూర్చున్న మనిషి మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటాడు. మీకిచ్చిన ఆర్డరు, గోదాములో సరుకు ఎంత అందిందో రాసుకున్న జీఆర్‌ఎన్, మీ బిల్లు. మూడింటిలో సంఖ్య, ధర ఒక్కటైతే డబ్బు కదులుతుంది. తడిసిన 40 పెట్టెలు గోదాములో పక్కన పెట్టి 1,960 అని రాసుకుంటే, 2,000కి వేసిన మీ బిల్లు ఎవరూ తప్పనకపోయినా ఆగిపోతుంది. అందుకే సరుకు దింపిన రోజే ఎంత తీసుకున్నారో అడిగి, డెలివరీ చలాను మీద గేటు ముద్ర, తేదీ వేయించుకురమ్మని డ్రైవరుకు చెప్పి పంపుతాం. ఈ అమ్మాయి డ్రైవరు ఆ ముద్ర వేయించుకొచ్చాడు. ఆ ముద్ర తర్వాత ఎంత పనికొచ్చిందో చెబుతాను.

ఇంకో మెలిక ఉంది. కంపెనీకి పన్ను మినహాయింపు దక్కాలంటే బిల్లు ఉంటే చాలదు, ఈమె తన రిటర్నులో దాన్ని చూపించాలి. అప్పుడే అది నెలనెలా 14న కంపెనీకి కనిపించే జీఎస్టీఆర్-2బీలో వస్తుంది. ఈమె మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న వ్యాపారి. మే బిల్లును జులైలో చూపిద్దామనుకుంది. అప్పటిదాకా పన్ను భాగం 3,800 ఆపుతామని ఈమెయిల్‌లో ముందే రాసి ఉంది. మూడు నెలల రిటర్నువాళ్లు కూడా మొదటి రెండు నెలల బిల్లులను తర్వాతి నెల 13 లోగా ఐఎఫ్‌ఎఫ్ అనే చిన్న ఫారంలో చూపించవచ్చు. జూన్ 13కు ముందే చూపించాం.

ఇక చివరి పేరా. ‘సరైన బిల్లు అందిన 60 రోజులకు చెల్లిస్తాం’ అని ఉంది. కొత్త బిల్లు వెళ్లింది మే 20న. ఆ లెక్కన డబ్బు వచ్చేది జులై 19న. ఈ పేరాను ఎవరూ ప్రశ్నించరు, పెద్దవాళ్లు పెట్టిన షరతు కదా అనుకుంటారు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం వేరే మాట చెబుతోంది. సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర కొన్నవాళ్లు, రాతపూర్వకంగా ఎన్ని రోజులని ఒప్పుకున్నా, సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. సరుకు మీద 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు. అంటే లెక్క మొదలయ్యేది బిల్లు తేదీ నుంచి కాదు, గేటు ముద్ర తేదీ నుంచి. మే 6 నుంచి 45 రోజులు జూన్ 20కి పూర్తవుతాయి. కంపెనీ రాసిన తేదీకి, చట్టం చెప్పిన తేదీకి దాదాపు నెల తేడా.

గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా, ఇవ్వాలి. గడువు మీరిన బాకీ మార్చి 31 దాటితే, ఆ కొనుగోలును ఆ ఏటి ఖర్చుగా ఆదాయపు పన్నులో చూపించుకోవడం కూడా కంపెనీకి కుదరదు. అందుకే ఈమెయిల్‌లో ఉద్యం పత్రం అడుగుతారు. చాలామంది దాన్ని ‘ఐచ్ఛికం’ అనుకుని పంపరు. పంపకపోతే మీరు చిన్న సంస్థ అన్న సంగతి వాళ్ల రికార్డులోకి ఎక్కదు. ఆ పత్రంలో తయారీ అని గానీ సేవలు అని గానీ ఉందో లేదో చూసుకోండి. కొని అమ్మే వ్యాపారం అని ఉంటే ఈ 45 రోజుల రక్షణ లేదు. నమోదు udyamregistration.gov.in లో పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. ఆర్డరు తీసుకోకముందే చేయించుకోండి. సరఫరా అయ్యాక చేయించుకుంటే పాత బిల్లులకు వర్తిస్తుందా అన్న దాని మీద కోర్టుల్లో వివాదాలు నడిచాయి.

కంపెనీతో గొడవ పెట్టుకోవాలని నేనెప్పుడూ చెప్పను. తొలి ఆర్డరుకే ఫిర్యాదుల కౌన్సిల్‌కు వెళ్లే అవసరం రాకూడదు కూడా. మేం చేసింది ఒక్కటే. అక్కౌంట్స్‌వాళ్లకు మర్యాదగా నాలుగు వాక్యాలు రాశాం. సరుకు అందిన తేదీ, గేటు ముద్ర ఉన్న చలాను నకలు, ఉద్యం పత్రం జత చేసి, చట్టం ప్రకారం జూన్ 20 లోగా చెల్లించవలసిందిగా కోరుతున్నామని. జవాబు రాలేదు. జూన్ 18న 79,800 రూపాయలూ ఆమె ఖాతాలో పడ్డాయి. తర్వాత వచ్చిన ఆర్డరు కాగితం మీద, చెల్లింపు గడువు అన్నచోట 45 రోజులని ఉంది.